పదమూడు మంది కాదన్నారు

మా ఆసుపత్రిలో ఆరువందల నలభై మంది పనిచేస్తారు. ఏడాదికోసారి వాళ్ల మనసులో ఉన్నది పేర్లు అడగకుండా రాబట్టి, ఎవరన్నదీ బయటపడకుండా పైవాళ్లకు చేరవేయడం నా ఉద్యోగంలో ఒక భాగం. వినడానికి ఇదేం పెద్ద పనిలా ఉండదు. మా ఆయన అయితే తొమ్మిదేళ్లుగా దీన్ని "పెట్టె పెట్టడం, పెట్టె తీయడం" అనే అంటున్నాడు. ఆయన్నొకసారి తెచ్చి ఆ పెట్టె పక్కన నిలబెట్టాలని తొమ్మిదేళ్లుగా నా కోరిక.

అందరికీ ఒకటే ఫారం, ఒకటే రకం నీలం పెన్ను. టిక్కు పెట్టే ప్రశ్నలు పది, చివర రాసుకోవడానికి నాలుగు గీతలు. ఒక్కో సెక్షన్‌ని ఒక్కో గదిలో కూర్చోబెడతాను. వాళ్ల సూపర్‌వైజర్‌ని బయటికి పంపేస్తాను. మడిచి పెట్టెలో వేసి వెళ్లిపొమ్మంటాను. పెట్టె తెరిచే ముందు బాగా కుదుపుతాను, ఎవరి తర్వాత ఎవరు వేశారో నాకు కూడా తెలియకూడదు కాబట్టి. పదిమంది కంటే తక్కువున్న సెక్షన్‌కి విడిగా మార్కులు చూపించను, ఇంకోదానితో కలిపేస్తాను. రాసిన మాటలు ఉన్నవి ఉన్నట్టు ఎత్తి రాయను, నా మాటల్లోకి మారుస్తాను. ఏ సెక్షన్‌లో రాశారో చెప్పను. ఐదుగురి కంటే తక్కువమంది అన్నదానికి అంకె వేయను. రిపోర్టు పైకి పంపిన రోజే ఫారాలన్నీ మిషన్లో వేసి పీచు పీచు చేసేస్తాను. ఇవన్నీ ఒక నోటీసులో రాయించి, సూపరింటెండెంట్ గారి చేత సంతకం పెట్టించి, ప్రతి గది గోడకీ అంటించాను. అందులో మూడో మాట ఇది: ఎవరు ఏం రాశారని ఎవరూ ఎవర్నీ అడగకూడదు.

ఇంత చేశాక కూడా మనుషుల్ని వాళ్ల నోటి నుంచి కాపాడటం నా వల్ల కాలేదు.

లాండ్రీలో పద్నాలుగు మంది. వార్డుల నుంచి వచ్చే మురికి దుప్పట్లు వేరు చేసేవాళ్లు, ఉతికేవాళ్లు, ఆరబెట్టేవాళ్లు, ఇస్త్రీ వేసేవాళ్లు. వేరు చేసే పని ప్రమాదకరమైనది. దుప్పటి మడతల్లో సూదులొస్తాయి, రక్తం ఉంటుంది. మోచేతుల దాకా వచ్చే దళసరి రబ్బరు గ్లౌజులు లేకుండా ఆ గుట్టలో చెయ్యి పెట్టకూడదు. నెలనెలా ఒక్కొక్కరికీ ఒక జత ఇచ్చి, రిజిస్టర్లో సంతకం తీసుకోవాలి. ఈసారి లాండ్రీ పెట్టెలోంచి వచ్చిన పద్నాలుగు ఫారాల్లో మూడింటి మీద దాదాపు ఒకే మాట ఉంది. గ్లౌజులు రావడం లేదు, సంతకం మాత్రం పెట్టించుకుంటున్నారు అని. ఇంకో రెండు సెక్షన్లలో మాస్కుల గురించీ, ఏప్రాన్ల గురించీ ఒక్కొక్కరు ఇలాంటిదే రాశారు. నేను అన్నీ కలిపి ఒక్క వాక్యం చేశాను: "రక్షణ సామగ్రి అందకుండానే అందినట్టు సంతకాలు తీసుకుంటున్నారని కొన్ని చోట్ల చెప్పారు." గ్లౌజులన్న మాట లేదు, లాండ్రీ అన్న మాట లేదు. నా పనితనానికి నేనే మురిసిపోయాను.

సెక్షన్ పెద్దల మీటింగులో ఆ వాక్యం చదివానో లేదో, లాండ్రీ సూపర్‌వైజర్ కుర్చీలోంచి లేచి, తమ గ్లౌజుల రిజిస్టరు పక్కాగా ఉందనీ, కావాలంటే ఇప్పుడే తెప్పిస్తాననీ అన్నాడు. లాండ్రీ పేరెత్తిందెవరు? గ్లౌజుల పేరెత్తిందెవరు? ఇరవైమంది ఆయన వంక చూశారు. అంతమంది ముందు తన భుజాలు తానే తడుముకున్నానని ఆయనకి కూర్చున్నాక తెలిసింది. తెలిశాక నా మీద చూపు మారింది.

నిజం చెప్పాలంటే ఆయన రాక్షసుడేం కాదు. స్టోర్లో ఇవ్వకపోతే గట్టిగా అడగలేడు, ఇవ్వలేదని పైకి చెప్పుకోలేడు. మధ్యలో రిజిస్టరు ఖాళీగా ఉంటే తన ఉద్యోగానికి ముప్పని భయం. భయపడ్డ మనిషితో వేగడం చెడ్డ మనిషితో వేగడం కంటే కష్టం.

మర్నాడే ఆయన గదికి మనుషుల రాక మొదలైంది. ఆయన ఎవర్నీ పిలవలేదు, ఆ మాట నేనూ ఒప్పుకుంటాను. మొదట ఉతికే మిషను దగ్గరి పెద్దాయన వెళ్లి, సార్, నేను అలాంటివి రాసే మనిషిని కాదు, మీకు తెలుసు కదా అన్నాడట. పెద్దాయన వెళ్లి కాదని చెప్పొచ్చాడని తెలిసి పక్క మిషనువాడు వెళ్లాడు. పక్కవాళ్లిద్దరూ వెళ్లాక వెళ్లకపోతే ఏమనుకుంటారోనని మూడోవాడు. అట్నుంచి ఆరబెట్టేవాళ్లు, మడతలు పెట్టేవాళ్లు. మూడో రోజుకి ఇద్దరేసి జంటగా వెళ్లడం మొదలుపెట్టారు. ఒకావిడ అయితే పిల్లల మీద ఒట్టు కూడా వేసింది. ఒట్టు అడిగిందెవరు తల్లీ? చాలదన్నట్టు నలుగురు నా గదికి కూడా వచ్చి, మేడమ్, మేము కాదు, మీరు కొంచెం సారుతో చెప్పండి అన్నారు. మీరు కాదో అవునో నాకు తెలియదు, తెలియకుండా ఉండటానికే నాకు జీతమిస్తున్నారు, వెళ్లండి అన్నాను. మేడమ్‌కి కోపం వచ్చిందని వెళ్లి ఆ ముక్క కూడా ఆయనకి చేరవేశారు.

కాదు అన్న మాటకి అంత ఖరీదు ఉంటుందని వాళ్లలో ఒక్కరికీ తట్టలేదు. ఒక్కొక్కరు తనను తాను జాబితాలోంచి కొట్టేసుకుంటూ పోతే, చివరికి మిగిలిన మనిషి మెడకి అది చుట్టుకుంటుంది. ఇంత చిన్న విషయం పద్నాలుగు మందిలో ఒక్కరికీ తెలియదనే అప్పుడు అనుకున్నాను.

వారం తిరిగేసరికి పదమూడు మంది కాదన్నారు. వెళ్లనిది ఒక్క ఇస్త్రీ అక్క.

ఆమె అసలు పేరు జీతాల కాగితం మీద తప్ప ఎక్కడా వినపడదు. పెద్ద రోలరు ఇస్త్రీ మిషను దగ్గర ఇరవైరెండేళ్లుగా పనిచేస్తోంది, అందరికీ ఇస్త్రీ అక్కే. డ్యూటీ పొద్దున్న ఆరు నుంచి రెండు. ఆ డ్యూటీ ఆమెకి సరదా కాదు. వాళ్లాయనకి వారంలో మూడు రోజులు సాయంత్రం నాలుగింటికి మా ఆసుపత్రి రెండో అంతస్తులోనే డయాలసిస్. రెండింటికి పని దిగి, ఇంటికెళ్లి ఆయన్ని లేపి, బట్టలు మార్చి, ఆటోలో కూర్చోబెట్టుకుని తీసుకొస్తుంది. ఇంట్లో ఇంకో మనిషి లేదు.

ఒకటో తారీకున లాండ్రీ బోర్డు మీద, మర్నాటి నుంచి మారే కొత్త డ్యూటీల కాగితం అంటించారు. ముగ్గురి వేళలు మారాయి. ఇద్దరివి అటూ ఇటూ గంట తేడా. ఇస్త్రీ అక్కకి మాత్రం మధ్యాహ్నం రెండు నుంచి పది, పైగా మురికి దుప్పట్లు వేరు చేసే బల్ల దగ్గర. కారణం రాయలేదు. కారణం రాయాల్సిన అవసరం కూడా లేదు, డ్యూటీలు వేయడం సూపర్‌వైజర్ హక్కు.

నాకు ఒళ్లు మండిపోయింది. మండింది ఎవరి మీదో కూడా తేలలేదు. ఆయన మీదా, ఒట్లు పెట్టుకున్న పదమూడు మంది మీదా, మొండికేసి కూర్చున్న ఈ అక్క మీదా? లాండ్రీకి వెళ్లాను. ఆవిరిలో నిలబడి దుప్పటి అంచులు లాగుతోంది. అందరూ వెళ్లి ఒక మాట అనేసి వచ్చారు కదా, మీరూ అనేస్తే పోయేది కదా అక్కా అన్నాను. ఆ మాట నా నోట్లోంచి వచ్చాక నాకే సిగ్గేసింది. ఎవరూ అడగకూడదని నోటీసు అంటించినదాన్ని నేనే, వెళ్లి చెప్పమంటున్నదాన్నీ నేనే.

ఆమె మిషను ఆపలేదు.

"ఎవరూ అడగరని గుమ్మంలో నిలబడి మీరే కదమ్మా చెప్పారు. అడగని దానికి నేను జవాబెందుకు చెప్పాలి?"

"మరి మీ ఆయన్ని ఎలా తీసుకొస్తారు, రెండింటికి డ్యూటీ ఎక్కితే?"

"అదే చూస్తున్నా. ఒకటి రెండు సార్లు మానేస్తే ఏమవుతుందని డాక్టరు గారిని అడిగాను. ఆ మాటే అడగొద్దన్నారు."

ఇంటికి వచ్చి గిన్నెలన్నీ చప్పుడు చేస్తూ సర్దాను. మా అత్తగారు ఆరిన బట్టలు మడతపెడుతూ, ఏమైందే అని అడిగారు. చెప్పకూడదన్నాను. సరే చెప్పకు అని, ఆఫీసు సంగతేనా అన్నారు. ఊ అన్నాను. వంటగది వాళ్లా అన్నారు. కాదన్నాను. మందుల కొట్టు వాళ్లా? కాదన్నాను. సెక్యూరిటీ వాళ్లా? కాదు. లాండ్రీ వాళ్లా? అత్తయ్యా, నన్ను అడక్కండి, నేను చెప్పకూడదు అన్నాను. "ఓహో, లాండ్రీనా," అని ఆవిడ తువ్వాలు మడత పెట్టేశారు. తొమ్మిదేళ్ల నా అనుభవం ఆవిడ ముందు నాలుగు ప్రశ్నలు కూడా నిలవలేదు. ఆ రోజు నవ్వొచ్చింది కానీ, మర్నాడు ఆ నాలుగు ప్రశ్నలే నాకు ఆసరా అయ్యాయి.

మర్నాడు పదకొండింటికి లాండ్రీ సూపర్‌వైజర్ నా గదికి వచ్చి తలుపు దగ్గరగా వేశాడు. అంతకు ముందే సూపరింటెండెంట్ ఆఫీసు ద్వారా ఒక ప్రయత్నం చేసి ఉన్నాడు. లాండ్రీలో పదేళ్ల సర్వీసు దాటినవాళ్ల మార్కులు మాత్రం విడిగా ఇమ్మని కబురొచ్చింది. అలాంటివాళ్లు పదకొండు మంది, నా పది దాటింది కదా, ఇవ్వొచ్చు కదా అన్నారు. పద్నాలుగు మందివీ కలిపిన మార్కులు రిపోర్టులో ఉన్నాయి. అందులోంచి పదకొండు మందివి తీసేస్తే మిగిలిన ముగ్గురివి చేతిలోకి వస్తాయి. కూడికలు తీసివేతలు వచ్చిన ఎవరైనా చేసుకోవచ్చు. ఇవ్వనన్నాను. అయితే ఫారాల మీది చేతిరాత చూస్తామన్నారు. ఫారాలు ఎప్పుడో పీచైపోయాయన్నాను.

ఇప్పుడు ఆయన స్వయంగా వచ్చాడు. జేబులోంచి మడత కాగితం తీసి నా బల్ల మీద పరిచాడు. పద్నాలుగు పేర్లు. పదమూడింటి పక్కన టిక్కులు. నాలా టిక్కులు పెట్టించడం ఆయనకీ వచ్చన్నమాట. ఆయన గొంతులో కోపం లేదు, అలసట ఉంది.

"మేడమ్, నేను పేరు అడగడం లేదు. నియమం నాకూ తెలుసు. ఆ అక్క కాదు అని ఒక్క మాట అనండి. ఇప్పుడే వెళ్లి పాత డ్యూటీ వేసేస్తాను. ఆమెకి మేలు చేసినవాళ్లవుతారు."

ఎంత తియ్యగా ఉందో ఆ మాట. రాసిందెవరో నాకూ తెలియదంటే ఆయన నమ్మడు. ఒక్క మాట అంటే ఆయన వెళ్లిపోతాడు, అక్కకి పొద్దున్న డ్యూటీ వస్తుంది, ఆటో వేళకి వస్తుంది. పైగా నా దగ్గర అంతకంటే గట్టిది ఉంది. మూడు. రాసింది ముగ్గురు. అక్క ఒకతి అనుకున్నా, నీ టిక్కుల్లో కనీసం ఇద్దరు అబద్ధం ఆడారు అని ఆయన మొహం మీద అనొచ్చు. ఆ కాగితం అక్కడికక్కడే చిత్తు కాగితమవుతుంది. ఆ అంకె నా నాలుక చివర నిలబడి ఉంది.

కానీ ఆ తర్వాత? ముగ్గురన్న మాట తెలిసిన మరుక్షణం ఆయన ఆ ముగ్గురి కోసం వెతుకుతాడు. పిల్లల మీద ఒట్టు వేసినావిడని మొదట పిలుస్తాడు. ఇక అక్క కాదని అన్నాననుకోండి, రేపు ఇంకో పేరుతో వస్తాడు, ఈమె కూడా కాదు కదా అని. అప్పుడు నేను నోరు మూసుకుంటే, మా అత్తగారు లాండ్రీని పట్టేసినట్టు పట్టేస్తాడు. కాదని ఒకరికి చెబితే అందరికీ చెప్పాలి. అందరికీ చెప్పలేనప్పుడు ఒకరికీ చెప్పకూడదు.

"పద్నాలుగు పేర్లలో దేని గురించి అడిగినా నా జవాబు ఒకటే," అన్నాను. "చెప్పను."

"అంటే ఆమే కదా."

"చెప్పను."

కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. ఒక మనిషి మొగుడి ప్రాణం ఒకవైపు, గోడ మీద నేను అంటించిన కాగితం ఒకవైపు. నేను కాగితం వైపు నిలబడ్డాను. ఏడుపొచ్చింది, కోపమొచ్చింది. చివరికి లేచి సూపరింటెండెంట్ గారి దగ్గరికి వెళ్లాను.

లాండ్రీలో ఎవరు రాశారని ఆరా తీస్తున్నారు, మీరు సంతకం పెట్టిన నోటీసుకి ఇది విరుద్ధం అన్నాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, ఫిర్యాదు ఎవరిది అని అడిగారు. పేరు చెప్పలేనన్నాను. పేరు లేని ఫిర్యాదు మీద చర్య తీసుకోవడం కుదరదు కదమ్మా, ఎవరో ఒకరు సంతకం పెట్టి ఇవ్వాలి అన్నారు. పేరు అడిగారన్న ఫిర్యాదుకి పేరు కావాలట! బల్ల మీదున్న పేపర్‌వెయిట్ ఎత్తి ఎక్కడైనా వెయ్యాలనిపించింది.

వేయలేదు. తెల్ల కాగితం అడిగి తీసుకుని, ఆయన ముందే కూర్చుని రాశాను. ఫలానా రోజు, పదకొండు గంటలకి, లాండ్రీ సూపర్‌వైజర్ నా గదికి వచ్చి, ఒక ఉద్యోగి రాశారో లేదో చెప్పమని నన్ను అడిగారు. సిబ్బంది పేర్లకు టిక్కులు పెట్టిన జాబితా నా బల్ల మీద పరిచారు. కళ్లారా చూశాను. ఇది నోటీసులోని మూడో నియమానికి విరుద్ధం. విచారణ తేలేదాకా, రిపోర్టు ఇచ్చిన నాటికి లాండ్రీలో ఎవరి డ్యూటీ ఎలా ఉందో అందరికీ అలాగే ఉంచాలి. అందరికీ అన్న మాట కింద గీత గీశాను. అక్క పేరు ఎక్కడా రాయలేదు. కింద నా పేరు, నా హోదా, సంతకం. తొమ్మిదేళ్లుగా ఆరువందల మంది మాటలు మోసుకొచ్చినదాన్ని, నా సొంత మాట ఒకటి నా పేరుతో రాసివ్వడం అదే మొదటిసారి.

"మీకు ఇబ్బంది అవుతుందేమో, ఆలోచించారా?" అన్నారాయన.

"ఆలోచిస్తే రాయలేనండీ. ఒక కాపీ మీద అందిందని సంతకం పెట్టివ్వండి."

నోటి మాటకి ఆయన భయపడరు. కాగితానికి భయపడతారు. రెండో రోజుకి లాండ్రీ బోర్డు మీద పాత డ్యూటీలు వచ్చాయి, ముగ్గురికీ. వారం రోజులకి స్టోర్ నుంచి గ్లౌజుల పెట్టెలు కూడా దిగాయి. సూపర్‌వైజర్‌కి ఒక హెచ్చరిక ఉత్తరం ఇచ్చారు. ఆయన నాతో మాట్లాడటం మానేశాడు. నాకూ ఒక ఉత్తరం వచ్చింది. ఫిర్యాదుదారుగా ఒక పక్షం వహించాను కాబట్టి, వచ్చే ఏడాది నుంచి సర్వే పని వేరేవాళ్లు చూస్తారట. మా ఆయన అది చదివి, పెట్టె పీడ వదిలింది కదా అన్నాడు. ఆ పూట ఆయనతో మాట్లాడలేదు.

లాండ్రీకి వెళ్లింది డ్యూటీ సంగతి కనుక్కుందామనే. అక్క మిషను దగ్గరే ఉంది, పొద్దున్న డ్యూటీలో. వాళ్లాయనకి ఒక్కసారి మాత్రమే తప్పిందట, కాళ్లు వాచాయి కానీ తగ్గాయంది. రాసింది ఎవరో తెలుసా అని నా నోటిదాకా వచ్చిన ప్రశ్నని మింగేశాను. సర్వే పని పోయినా బుద్ధి పోలేదు. ఆమే దుప్పటి అంచు సరిచేస్తూ అంది.

"నేనేం రాయలేదమ్మా ఆ రోజు. ఖాళీ కాగితమే మడిచి వేశాను."

నాకు చెప్పొద్దు అని చెవులు మూసుకోబోయి ఆగిపోయాను. తర్వాత కోపం తన్నుకొచ్చింది. నెల రోజుల నా తిప్పలు, ఆ మనిషి కాళ్ల వాపు, పోయిన నా పని, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి.

"రాయనప్పుడు ఆ ముక్కే ఆయన దగ్గరికెళ్లి చెప్పి ఉంటే అయిపోయేది కదా అక్కా. అబద్ధం కూడా కాదు."

ఆమె నా వంక ఎంత ఓపిగ్గా చూసిందంటే, ఇన్నాళ్లూ లెక్కలు నాకొక్కదానికే వచ్చని అనుకున్నందుకు తల దించుకున్నాను.

"చెబితే పద్నాలుగు మందీ కాదన్నట్టు అయ్యేది. అప్పుడాయన మళ్లీ మొదటి మనిషి దగ్గర్నుంచి మొదలుపెట్టేవాడు."